ఎరుపు వలయంలో హెల్మెట్ గీస్తే

పారిశ్రామిక వాడల్లో తిరిగితే ఒక బోర్డు తరచూ ఎదురవుతుంది. ఎర్రటి వలయం, లోపల హెల్మెట్ బొమ్మ, దాని మీదుగా ఏటవాలుగా ఎర్ర గీత. కింద తెలుగులో ‘హెల్మెట్ లేనివారికి ప్రవేశం లేదు’ అని రాసి ఉంటుంది. యజమాని ఉద్దేశం మంచిదే. కానీ అక్షరాలు వదిలేసి బొమ్మ ఒక్కటే చూసినవాడికి ఆ బోర్డు సరిగ్గా తిరగబడిన మాట చెబుతుంది. ఇక్కడ హెల్మెట్ పెట్టుకోకూడదు అంటుంది.

అక్షరాలు ఎందుకు వదిలేస్తారు అని అడగనక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల ఫ్యాక్టరీల్లో ఇవాళ ఒడిశా నుంచి, బీహార్ నుంచి, ఝార్ఖండ్ నుంచి వచ్చి పనిచేస్తున్నవారు చాలామంది. తెలుగు మాట్లాడటం నేర్చుకున్నా చదవడం రాదు. తెలుగు చదవగలిగినవాళ్లు కూడా చేతిలో బరువుతో నడుస్తూ గోడ మీద రాత చదవరు. అర సెకను చూపులో బొమ్మ ఏం చెప్పిందో అంతే. ఆ అర సెకనులో పొరపాటు పడకుండా ఉండటానికే భద్రతా గుర్తులకు ఆకారాలూ రంగులూ కట్టుదిట్టంగా నిర్ణయించారు. డిజైన్ నియమాలు ఐఎస్ఓ 3864 అనే అంతర్జాతీయ ప్రమాణంలో, ఒక్కో గుర్తుకు ఆమోదించిన బొమ్మ ఐఎస్ఓ 7010లో ఉంటాయి. మన దేశంలో భద్రతా రంగులకూ గుర్తులకూ ఐఎస్ 9457 ఉంది. కొత్త షెడ్డుకు లేఅవుట్ వేసుకుంటున్నవాళ్లు గోడలకు సున్నం వేయకముందే వీటిని తెలుసుకోవాలి. తర్వాత బోర్డులు కొనడం సులువే, వాటికి చోటు దొరకడమే కష్టం.

విషయమంతా నాలుగు మాటల్లో ఉంది. చేయవద్దు, జాగ్రత్త, చేసి తీరాలి, సాయం ఇక్కడ ఉంది. ‘చేయవద్దు’కు తెల్లటి నేల మీద ఎర్ర వలయం, ఎడమవైపు పై నుంచి కుడివైపు కిందికి ఏటవాలు గీత, బొమ్మ నలుపు. ‘జాగ్రత్త’కు పసుపు త్రికోణం, చుట్టూ నల్లటి అంచు, లోపల నల్ల బొమ్మ. ‘చేసి తీరాలి’ అనడానికి నిండు నీలం వృత్తం, తెల్ల బొమ్మ. ‘సాయం ఇక్కడ ఉంది’ అనడానికి ఆకుపచ్చ చతురస్రం లేదా దీర్ఘచతురస్రం, తెల్ల బొమ్మ. మంటలార్పే పరికరాలకు ఐదోది ఒకటుంది. అది ఎర్ర చతురస్రం, బొమ్మ తెలుపు.

ఇందులో వృత్తం అంటే ఆజ్ఞ. వద్దన్నా చేయమన్నా వృత్తమే. త్రికోణం ఆజ్ఞాపించదు, ఇక్కడ ఫలానా ప్రమాదం ఉందని తెలియజేస్తుంది, ఏం చేయాలో చెప్పదు. నాలుగు పలకల ఆకారం సమాచారం, ఫలానా వస్తువు లేదా దారి ఇక్కడుందని చూపుతుంది. కాబట్టి హెల్మెట్ విషయంలో గేటు దగ్గర కావాల్సింది నీలం వృత్తంలో తెల్లటి హెల్మెట్ ధరించిన తల. నిషేధ గుర్తులో గీత కింద ఉండాల్సింది చేయకూడని పని మాత్రమే. మండుతున్న సిగరెట్ ఉండొచ్చు, అగ్గిపుల్ల ఉండొచ్చు. ధరించాల్సిన వస్తువు ఎప్పటికీ ఉండకూడదు. ‘అది లేకుండా రావద్దు’ అనే రెండు కాదుల మాటను బొమ్మ మోయలేదు. దాన్ని ‘అది పెట్టుకోండి’గా మార్చి నీలంలోకి తేవాలి.

రంగు చాలదా, ఆకారం ఎందుకు అనిపించవచ్చు. పురుషుల్లో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. చాలామందికి తమకు ఆ లోపం ఉన్నట్టే తెలియదు. ప్రాణం తీసే ‘వద్దు’కూ ప్రాణం కాపాడే ‘ఇటు’కూ సరిగ్గా ఆ రెండు రంగులే వాడుతున్నాం. రంగు తెలియనివాడికి వలయం, గీత చెబుతాయి. వెలుతురు మరో కారణం. పాత షెడ్లలో పసుపు వెలుగునిచ్చే సోడియం దీపాల కింద నీలం నల్లగా, ఎరుపు మట్టిరంగుగా కనిపించేవి. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చి ఆ ఇబ్బంది తగ్గింది. అయినా పొగ కమ్మినప్పుడు, దుమ్ము పట్టినప్పుడు, దూరం నుంచి చూసినప్పుడు ముందుగా కరిగిపోయేది రంగే. మూడు మూలలూ గుండ్రనిదనమూ అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తాయి.

రంగు ఎంత ఉండాలో కూడా ప్రమాణం చెబుతుంది. హెచ్చరికలో పసుపు, తప్పనిసరిలో నీలం, సురక్షిత గుర్తులో ఆకుపచ్చ మొత్తం వైశాల్యంలో కనీసం సగం ఉండాలి. నిషేధంలో ఎరుపు కనీసం 35 శాతం. ప్రింటింగ్ షాపువాళ్లు అందంగా ఉంటుందని వలయాన్ని సన్నగా గీసి బొమ్మను పెద్దది చేస్తే ఈ లెక్క తప్పుతుంది. దూరం నుంచి చూస్తే ఎరుపు మాయమై సిగరెట్ బొమ్మ ఒక్కటే మిగులుతుంది.

ఎక్కువ గందరగోళం బయటికి వెళ్లే దారి గుర్తు విషయంలోనే వస్తుంది. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలో మొదట ఉన్న నియమం ప్రకారం, మంటలప్పుడు తప్పించుకునే ద్వారాలను ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలో, ఎర్రటి అక్షరాలతో గుర్తించాలి, లేదా స్పష్టంగా తెలిసే మరో గుర్తు పెట్టాలి. అమెరికాలో చాలాచోట్ల ఇప్పటికీ ఎర్ర అక్షరాల బోర్డే. దానివల్ల పాత మిల్లుల్లో పనిచేసి వచ్చిన సూపర్‌వైజర్లకు ఎమర్జెన్సీ తలుపు అంటే ఎరుపే గుర్తొస్తుంది. కానీ అదే షెడ్డులో ఎరుపుకు ‘ఆగు, వద్దు’ అని అర్థం చెప్పి, అదే ఎరుపుతో ‘ఇటు పరుగెత్తు’ అంటే మనిషి తటపటాయిస్తాడు. మంటల్లో తటపటాయించే వ్యవధి ఉండదు.

ఇప్పుడు ప్రపంచమంతా కనిపించే, తలుపులోంచి పరుగెత్తే ఆకుపచ్చ మనిషి బొమ్మ జపాన్ నుంచి వచ్చింది. అక్కడ 1970ల్లో పెద్ద దుకాణ భవనాల్లో ఘోరమైన అగ్నిప్రమాదాలు జరిగాయి. 1972లో ఒసాకాలోని సెన్నిచి డిపార్ట్‌మెంట్ స్టోర్ మంటల్లో 118 మంది చనిపోయారు. పొగలో అక్షరాలు చదివి దారి వెతుక్కోవడం ఎంత కష్టమో అప్పటి చర్చల్లో ముఖ్యమైంది. కొత్త గుర్తు కోసం పోటీ పెట్టారు. డిజైనర్ యుకియో ఓటా దాన్ని తీర్చిదిద్దారు. 1980ల్లో అది అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. మనిషి ఏ వైపు పరుగెత్తుతుంటే అటే దారి. అందుకే ఎడమకు ఒకటి, కుడికి ఒకటి రెండు బొమ్మలున్నాయి. మనవాళ్లు ఒకే రకం పది కొని, అవసరమైన చోట బాణం మాత్రం తిప్పి అతికిస్తారు. మనిషి కుడికి పరుగెత్తుతుంటాడు, బాణం ఎడమకు చూపుతుంటుంది. గోడల మీద ఈ తప్పు చూడని ఇన్‌స్పెక్టర్ ఉండడు.

ఒక షెడ్డును తీసుకుని లేఅవుట్ మీద ఈ నాలుగు మాటలు ఎక్కడెక్కడ పడతాయో చూద్దాం. నట్లు, బోల్టులు, బ్రాకెట్లకు జింక్ పూత వేసే చిన్న యూనిట్ అనుకోండి. షెడ్డు పొడవు 40 మీటర్లు, వెడల్పు 20. తూర్పున పెద్ద షట్టర్, సరుకు దిగే చోటు. ఉత్తర గోడ వెంట ట్యాంకుల వరస. ముందు జిడ్డు తీసే కాస్టిక్, తర్వాత తుప్పు తీసే హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఆపై జింక్ ట్యాంకు, చివర పాసివేషన్. ట్యాంకుల వెనక రెక్టిఫయర్, ఎలక్ట్రికల్ ప్యానెల్. దక్షిణాన ప్యాకింగ్. పడమట ఎమర్జెన్సీ తలుపు, దాని పక్కన బయటి గదిలో కంప్రెసర్.

బోర్డుల కన్నా ముందు గీతలు మార్చాలి. ఫోర్క్‌లిఫ్ట్ దారీ నడిచే దారీ ఒకటే అయితే ఎన్ని త్రికోణాలు కట్టినా లాభం లేదు. రెండింటినీ వేరు చేసి, ఒక్కచోట మాత్రమే అడ్డంగా కలిసేలా గీయాలి. అప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ త్రికోణం ఆ ఒక్క కూడలికి చాలు. తిరిగే షాఫ్టుకు గార్డు బిగించకుండా ‘చేతులు జాగ్రత్త’ అని బోర్డు పెట్టడం భద్రత కాదు, అది బాధ్యతను కార్మికుడి మీదికి తోసేయడం. లేఅవుట్‌తో తీసేయలేని ప్రమాదం ఎంత మిగిలిందో అంతకే గుర్తు.

షట్టర్ దగ్గర నుంచి నడుద్దాం. షెడ్డంతటికీ వర్తించేవే ఇక్కడ పెట్టాలి. ఈ యూనిట్‌కు అవి నీలంలో రెండు, భద్రతా బూట్లు, కళ్లజోడు. ఎరుపులో ఒకటి, నిప్పు వద్దు. జింక్ పూత వేసేటప్పుడూ, యాసిడ్‌లో ఇనుము ముంచినప్పుడూ హైడ్రోజన్ వాయువు పుడుతుంది, అది అంటుకునేది. అందుకని పొగ తాగవద్దు అనే సిగరెట్ బొమ్మ ఒక్కటే కాకుండా, అగ్గిపుల్ల బొమ్మతో ఉండే ‘మంట వద్దు’ గుర్తు సరైనది. దానిలో సిగరెట్టూ వెల్డింగూ రెండూ వస్తాయి. ఇక్కడితో ఆపాలి. గేటు దగ్గరే చేతి తొడుగులు, చెవి మూతలు, ఏప్రాన్, మాస్కు అన్నీ కలిపి పదిహేను బొమ్మల బోర్డు కట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. పదిహేనింటిని ఎవరూ చూడరు. ఆఫీసుకు వచ్చిన అకౌంటెంట్ కూడా చెవి మూతలు పెట్టుకోవాలా అని ఒకసారి సందేహం వస్తే, కార్మికుడు ఆ బోర్డు మొత్తాన్నే నమ్మడం మానేస్తాడు.

ట్యాంకుల వరస దగ్గర చేతి మీదా లోహం మీదా ద్రవం ఒలికే బొమ్మతో ఉండే క్షార, ఆమ్ల హెచ్చరిక కావాలి. దీన్ని ట్యాంకు పైన గోడకు కొడతారు. అక్కడికి చేరేసరికి మనిషి అప్పటికే అంచు దగ్గర ఉంటాడు. వరసలోకి అడుగుపెట్టే రెండు చివర్లలో, ఇంకా ఆగి తొడుగులు వేసుకునే వీలున్న చోట పెట్టాలి. త్రికోణం పక్కనే నీలం వృత్తాలు, చేతి తొడుగులు, ముఖానికి అడ్డుకవచం, ఏప్రాన్. త్రికోణం కారణం చెబుతుంది, వృత్తం చేయాల్సింది చెబుతుంది. కారణం కనిపించినప్పుడు ఆజ్ఞ పాటించడం మనుషులకు సులువవుతుందని నా గట్టి అభిప్రాయం. ఇక్కడే ‘తినవద్దు, తాగవద్దు’ అనే ఎర్ర వలయం ఒకటి. టిఫిన్ క్యారియర్ ట్యాంకు పక్క బల్ల మీద పెట్టుకోవడం ఈ యూనిట్లలో కొత్తేమీ కాదు.

యాసిడ్ కంట్లో పడితే కడుక్కునే ఐవాష్, షవర్ ఆకుపచ్చ కిందికి వస్తాయి. దీన్ని గుర్తుకన్నా ముందు లేఅవుట్‌గా చూడాలి. ప్రమాదం దగ్గర నుంచి పది సెకన్లలో చేరగలగాలి, మధ్యలో మెట్లు గానీ తలుపు గానీ అడ్డుండకూడదు అనేది అమెరికన్ ప్రమాణం చెప్పే కొలత. చాలా దేశాల్లో దాన్నే పాటిస్తారు. కళ్లు మండుతున్నవాడు సరిగా చూడలేడు, చేత్తో తడుముకుంటూ వస్తాడు. నిజానికి ఆ బోర్డు అతనికన్నా అతన్ని పట్టుకుని నడిపించేవాడి కోసం. అందుకని తలకన్నా ఎత్తులో, నడిచేవాళ్లకు ఎదురుగా కనిపించేలా, గోడకు అతికించినట్టు కాకుండా పక్కకు పొడుచుకు వచ్చేలా బిగించాలి. గోడకు సమాంతరంగా అతికించిన బోర్డు గోడ వెంట నడిచేవాడికి సన్నటి గీతలా తప్ప కనిపించదు.

ప్యానెల్ గది తలుపు మీద మెరుపు బాణం ఉన్న పసుపు త్రికోణం. దాని కింద నీళ్లతో ఆర్పవద్దు అనే ఎర్ర వలయం. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, దాని పైన ఎర్ర చతురస్రం. ఎరుపు రెండు చోట్లా ఉందని భయపడనక్కర్లేదు. వలయం ఆజ్ఞ, చతురస్రం వస్తువు ఉన్న చోటు. ఆకారం పని ఇక్కడే బాగా తెలుస్తుంది. కంప్రెసర్ గదికి చెవి మూతల నీలం వృత్తం తలుపు బయటి వైపు ఉండాలి. లోపలికి వెళ్లాక చూస్తే అప్పటికే చెవులు మోతలో ఉంటాయి.

పడమటి ఎమర్జెన్సీ తలుపుకు ఆకుపచ్చ మనిషి తలుపు రెక్క మీద కాకుండా పైన గోడకు ఉండాలి. రెక్క తెరిచి గోడకు ఆనుకుంటే బోర్డు కనిపించదు. ప్యాకింగ్ వైపు నుంచి వచ్చేవారికి ఆ తలుపు స్తంభాల వెనక దాగుతుంది కాబట్టి దారిలో మరొకటి, మనిషి ఎడమకో కుడికో పరుగెత్తేది, పెట్టాలి. కరెంటు పోయినప్పుడు కనిపించేలా లోపలి వెలుగున్నదో, వెలుతురును పీల్చుకుని చీకట్లో మెరిసే రకమో ఎంచుకోవాలి. మెరిసే రకాన్ని చీకటి మూలలో పెడితే ముందు పీల్చుకోవడానికి వెలుతురే ఉండదు, అది పనిచేయదు.

ఎంత పెద్దది కావాలి? అంతర్జాతీయంగా చాలాకాలంగా వాడుతున్న ఒక తేలిక లెక్క ఉంది. చూసే దూరాన్ని మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 2000తో భాగిస్తే బోర్డుకు కావాల్సిన కనీస వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. 50 మీటర్ల లోపు దూరాలకు ఇది సరిపోతుంది. ట్యాంకుల వరస మొదట్లో త్రికోణం 10 మీటర్ల నుంచి తెలియాలనుకుందాం. పదిని పదితో గుణిస్తే 100, దాన్ని 2000తో భాగిస్తే 0.05 చదరపు మీటర్లు. చతురస్రమైతే భుజం సుమారు 22 సెంటీమీటర్లు. వృత్తమైతే వ్యాసం సుమారు 25. త్రికోణానికి అదే వైశాల్యం రావాలంటే భుజం 34 సెంటీమీటర్లు ఉండాలి. షాపులో అన్నీ ఒకే కొలతలో దొరుకుతాయి కదా అని ఒకే సైజు తెప్పిస్తే త్రికోణమే చిన్నబోతుంది.

దూరం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు అవుతుందనేది చాలామందికి తట్టదు. షెడ్డు మధ్య నుంచి పడమటి తలుపు 20 మీటర్లు. అదే లెక్కతో 0.2 చదరపు మీటర్లు, అంటే 45 సెంటీమీటర్ల చతురస్రం. తలుపు పైన అంత పెద్దది పట్టదు అంటే రెండు మార్గాలున్నాయి. లోపలి నుంచి వెలిగే బోర్డు పెడితే చిన్నదైనా ఎక్కువ దూరం కనిపిస్తుంది. లేదంటే మధ్యలో మరో చిన్న గుర్తు పెట్టి చూపును అంచెలంచెలుగా నడిపించవచ్చు. స్తంభాలున్న షెడ్డులో నాకు రెండోదే నచ్చుతుంది. ఎంత పెద్ద బోర్డైనా స్తంభం వెనక నిలబడినవాడికి కనిపించదు.

ఇక నేల, పైపుల సంగతి. స్తంభాల అంచులకూ తల తగిలే దూలాలకూ ఏటవాలు పసుపు నలుపు చారలు ఇదే భాషలోని మాటలే. మంటలార్పే పరికరం ముందు ఖాళీగా ఉంచాల్సిన చోటుకు ఎరుపు తెలుపు చారలు వేస్తారు. పైపులు మాత్రం వేరే భాష మాట్లాడతాయి. ఐఎస్ 2379 ప్రకారం నీళ్ల పైపు సముద్రపు ఆకుపచ్చ, గాలి పైపు లేత నీలం, గ్యాసు పైపు పసుపు, యాసిడ్ పైపు ఊదా. అక్కడ ఆకుపచ్చ అంటే సురక్షితం అని అర్థం కాదు, నీళ్లు అని. ఈ రెండింటినీ కొత్తవాళ్లకు మొదటిరోజే విడివిడిగా చూపించాలి. యాసిడ్ డ్రమ్ము మీద ఎర్ర అంచు వజ్రాకారపు గుర్తు కూడా మూడో పద్ధతి, అది రసాయనం గురించి చెబుతుంది. అది చూసి నిషేధం అనుకునేవాళ్లు ఉన్నారు.

రోడ్డు గుర్తులు తెలిసిన డ్రైవర్లకు కొంత సులువు, కొంత చిక్కు. రోడ్డు మీద నీలం వృత్తంలో తెల్ల బాణం అంటే తప్పనిసరిగా ఆ వైపే వెళ్లాలని, ఇక్కడా అదే. కానీ రోడ్డు మీద స్పీడు పరిమితి ఎర్ర వలయంలో గీత లేకుండా ఉంటుంది. హెచ్చరిక త్రికోణం అంచు ఎరుపు, లోపల తెలుపు. ఆసుపత్రి గుర్తు నీలం పలక మీద ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లలో చాలామంది ముందు లారీ నడిపినవాళ్లే. ప్రథమ చికిత్స గుర్తు షెడ్డులో ఆకుపచ్చ అని వాళ్లకు చెప్పాలి. లోపల వేగపరిమితి బోర్డుకు మాత్రం రోడ్డు గుర్తునే వాడటం మంచిది, అది వాళ్ల కంటికి అలవాటైంది.

బోర్డు కట్టాక పాడయ్యే తీరు కూడా తెలిసి ఉండాలి. ఎండ తగిలే చోట ఫ్లెక్సు మీద మామూలు ఇంకుతో వేసిన ఎరుపు నలుపుకన్నా ముందే వెలిసిపోతుంది. గేటు దగ్గర ‘పొగ తాగవద్దు’ గుర్తులో వలయం, గీత పాలిపోయి, నల్లటి సిగరెట్ బొమ్మ అచ్చంగా మిగిలితే, అది పొగ తాగే చోటు అని చెబుతున్నట్టే. మిగతా గుర్తులు వెలిసిపోతే సమాచారం తగ్గుతుంది. నిషేధ గుర్తు వెలిసిపోతే అర్థమే తలకిందులవుతుంది. అందుకని బయట కట్టే ఎర్ర గుర్తులకు ఎండకు నిలిచే వినైల్ లేదా ఎనామెల్ రేకు వాడాలి, తనిఖీకి వెళ్లినప్పుడు ముందు వాటినే చూడాలి. యాసిడ్ ఆవిర్లు తగిలే ట్యాంకుల దగ్గర ఇనుప రేకు తుప్పు పడుతుంది, అక్కడ ప్లాస్టిక్ పలక మేలు.

లేఅవుట్ డ్రాయింగ్‌లో గుర్తులకంటూ ఒక పొర ఉంచుకుని, ఒక్కో గుర్తుకూ ఐఎస్ఓ 7010 నంబరు, కొలత, ఎత్తు, ఏ వైపు నుంచి చూడాలి అన్నది రాసుకుంటే ప్రింటరుకు ఫోన్లో వర్ణించే అవసరం ఉండదు. ఉత్పత్తి మొదలుపెట్టే ముందు, తెలుగు చదవడం రాని ఇద్దరు ముగ్గురు కార్మికులను షెడ్డులో నడిపించి, ప్రతి గుర్తు దగ్గరా ‘ఇది చూసి మీరేం చేస్తారు?’ అని వాళ్ల భాషలో అడగాలి. ‘దీని అర్థం ఏమిటి?’ అని అడిగితే అందరూ తెలుసన్నట్టు తలాడిస్తారు. ఏం చేస్తారో అడిగితేనే తప్పు బయటపడుతుంది. తప్పు చెప్పిన చోట మనిషిని దిద్దడం కాదు, బోర్డును మార్చాలి లేదా దాని కింద తెలుగు, హిందీ, ఒడియాల్లో చిన్న పలక చేర్చాలి. ఆరు నెలలకు ట్యాంకు జరిగితే, కంప్రెసర్ మరోచోటికి మారితే, పాత గుర్తును ఆ రోజే పీకేయాలి. ప్రమాదం లేనిచోట మిగిలిపోయిన త్రికోణాన్ని రోజూ చూసిన కళ్లు, ప్రమాదం ఉన్నచోటి త్రికోణాన్ని కూడా పట్టించుకోవు.